రేడియో అయోడిన్ చికిత్స తర్వాత బాబును పక్కలో ఎప్పుడు పడుకోబెట్టుకోవచ్చు?

ప్రశ్న: నాకు థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని 10 రోజుల క్రితం రేడియో అయోడిన్ (అయోడిన్-131) కాప్స్యూల్ ఇచ్చారు. మోతాదు 10 మిల్లీక్యూరీలు. థైరాయిడ్ 60 శాతం పీల్చుకుంటోందని రిపోర్టులో ఉంది. 5 రోజులు పిల్లలకు రెండు మీటర్ల దూరంలో ఉండాలని, 21 రోజులు బాబును పక్కలో పడుకోబెట్టుకోవద్దని కాగితం మీద రాసిచ్చారు. బాబుకు మూడేళ్లు. నేను ఇప్పటికీ గదిలో తలుపు వేసుకునే ఉంటున్నాను. వాడు తలుపు బయట కూర్చుని ఏడుస్తాడు. దీని అర్ధాయువు 8 రోజులు కాబట్టి 16వ రోజుకల్లా మొత్తం పోతుందని మావారు అంటారు. రేడియేషన్ ఒకసారి ఒంట్లోకి వెళ్తే ఇక పోదని మా అత్తయ్యగారి భయం. కాలేజీలో చదివే మా ఆడపడుచు కొడుకేమో పది అర్ధాయువులు, అంటే 80 రోజులు ఆగాలంటాడు. ఎవరి మాట నమ్మాలి? ఆల్ఫా, బీటా, గామా అంటారు కదా, నాలో ఉన్నది ఏది? నేను ఎత్తుకుంటే అది బాబులోకి చేరి ఉండిపోతుందా? ఏ రోజుకు ఎంత మిగులుతుందో ఒక పట్టిక వేసి చెప్పండి.

సమాధానం: అమ్మా, ముందు ఈ పూటకు పనికొచ్చే మాట చెబుతాను. ఆస్పత్రివాళ్లు పెట్టిన రెండు మీటర్ల నియమం 5వ రోజుతోనే ముగిసింది. ఇక మీద మిగిలింది రాత్రి పడక సంగతి ఒక్కటే. పగలు తలుపు తీసి బాబును కాసేపు దగ్గరకు తీసుకోవడానికి ఆ కాగితమే ఒప్పుకుంటోంది. కాసేపు ఎత్తుకోవడానికీ రాత్రంతా హత్తుకుని పడుకోవడానికీ అంత తేడా ఎందుకుందో మీకు అర్థమైతే, మిగతా నిర్ణయాలు మీరే తీసుకోగలరు. లెక్కంతా కూడికలు, భాగహారాలే.

మీరు మింగిన అయోడిన్ పరమాణువు కేంద్రకంలో 53 ప్రోటాన్లు, 78 న్యూట్రాన్లు ఉంటాయి. మనం ఉప్పులో తినే మామూలు అయోడిన్‌లో న్యూట్రాన్లు 74. ఈ నాలుగు న్యూట్రాన్ల అదనమే దాని అస్థిరతకు కారణం. ఎప్పుడో ఒకప్పుడు ఆ కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోతుంది, ఒక ఎలక్ట్రాన్ వేగంగా బయటికి దూసుకొస్తుంది. దాన్నే బీటా కణం అంటారు. ప్రోటాన్లు 54 అయ్యాయి కాబట్టి అది ఇక అయోడిన్ కాదు, జినాన్ అనే వాయువు. కొత్తగా పుట్టిన ఆ జినాన్ కేంద్రకంలో మిగులు శక్తి ఉంటుంది. ఆ శక్తి దాదాపు వెంటనే గామా కిరణంగా బయటికి వెళ్లిపోతుంది. తర్వాత మిగిలేది స్థిరమైన జినాన్, దానివల్ల ఇక ఏ రేడియేషనూ రాదు.

అంటే మీలో జరుగుతున్నది బీటా విఘటనం, దాని వెంట గామా. ఈ రెండింటి పనీ వేరు. బీటా కణం కండలో సగటున ఒక మిల్లీమీటరు కూడా వెళ్లలేదు, మహా అయితే రెండు మిల్లీమీటర్లు. దాని శక్తంతా మీ థైరాయిడ్‌లోనే ఖర్చవుతుంది. అదే మీకు మందు. అది మీ మెడ చర్మం దాటి బాబును చేరదు. గామా అలా కాదు, అది కాంతి లాంటి కిరణం. చాలా భాగం మీ మెడలోంచి బయటికి వచ్చేస్తుంది. మీరు దూరంగా ఉండాలన్న నియమాలన్నీ ఈ గామా గురించే.

ఆల్ఫా మీలో లేదు. ఆల్ఫా విఘటనంలో కేంద్రకం రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉన్న ముద్దను ఒక్కసారిగా విసిరేస్తుంది. రేడియం-226 అలా రేడాన్-222 అవుతుంది. ఇది రేడియం, యురేనియం వంటి బరువైన మూలకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపేస్తుంది, కానీ ఆ పదార్థం ఒంట్లోకి వెళితే మాత్రం చాలా హాని చేస్తుంది. దీనికి పూర్తిగా వేరుగా, గామా మాత్రమే ఇచ్చేవీ ఉన్నాయి. చికిత్సకు ముందు మీకు థైరాయిడ్ స్కాన్ తీసి ఉంటే, చాలా చోట్ల దానికి వాడేది టెక్నీషియం-99m. దాని అర్ధాయువు, అంటే సగం కావడానికి పట్టే కాలం, 6 గంటలు. మర్నాటికి పదహారో వంతే మిగులుతుంది, కాబట్టి ఆ స్కాన్ గురించి ఎవరూ మిమ్మల్ని వారాల తరబడి జాగ్రత్తలు తీసుకోమనరు. పేర్లు వేరైనా అన్నీ రేడియేషనే కదా అనుకోకండి. ఏ రకం, ఎంత అర్ధాయువు అన్న రెండూ తెలిస్తేనే ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది.

బాబులోకి చేరి ఉండిపోతుందా అన్నారు. మీ మెడలోంచి వచ్చే గామా వాడి ఒంట్లోంచి దాటిపోతుంది, లేదా అక్కడే శక్తిని వదిలి ఆగిపోతుంది. అంతే, వాడు రేడియోధార్మికంగా మారడు. మీ దగ్గరనుంచి వాడు అవతలకు వెళ్లిన క్షణంలో ఆ గామా వాడిని తాకడం తగ్గిపోతుంది. నిజంగా అయోడిన్ బాబులోకి వెళ్లే దారి ఒకటి ఉంది, అది మీ లాలాజలం, చెమట, మూత్రం. థైరాయిడ్ పట్టుకోని 40 శాతం అయోడిన్ మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువగా మూత్రం ద్వారా, కొంత వీటి ద్వారా పోతుంది. ఆ అయోడిన్ చేతికంటి నోట్లోకి వెళితే పిల్లవాడి చిన్న థైరాయిడ్ దాన్ని కూడా పీల్చుకుంటుంది. అది గామా సోకడం కంటే పెద్ద సమస్య. మొదటి రోజుల నియమాలు అంత కఠినంగా ఉండడానికి అదొక ముఖ్య కారణం. మీరు తలుపు వేసుకుని ఆ రోజులు గడిపేశారు, కాబట్టి ఆ ప్రమాదం చాలా వరకు వెనకబడిపోయింది. ఇంకా కొన్నాళ్లు మీ ఎంగిలి స్పూను వాడి నోట్లో పెట్టకపోవడం, బాత్రూము నుంచి రాగానే చేతులు బాగా కడుక్కోవడం చాలు.

ఇప్పుడు అర్ధాయువు. మీవారు అన్నట్టు 8 రోజులకు సగం పోతే ఇంకో 8 రోజులకు మిగతా సగం పోవాలి అని చాలామందికి అనిపిస్తుంది. అలా జరగాలంటే ప్రతి రోజూ ఒకే పరిమాణం తగ్గాలి. రేడియోధార్మిక పరమాణువులు అలా తగ్గవు. ఒక్కో అయోడిన్-131 పరమాణువుకు ఒక్కో సెకనులో విఘటనం చెందే అవకాశం సుమారు పది లక్షల్లో ఒకటి. నిన్న పుట్టిన పరమాణువుకైనా, 8 రోజులుగా వేచి ఉన్న పరమాణువుకైనా ఆ అవకాశం ఒకటే. పరమాణువుకు వయసు మీద పడదు, ఎంతసేపు ఆగిందో దానికి గుర్తుండదు. అందుకే 8 రోజుల తర్వాత మిగిలిన సగం, సరిగ్గా కొత్త సరుకు లాగానే ప్రవర్తిస్తుంది. దానికీ సగం కావడానికి మళ్లీ 8 రోజులే పడుతుంది. 16వ రోజుకు మిగిలేది సున్నా కాదు, నాలుగో వంతు.

మీ కాప్స్యూల్‌లోకే చూడండి. 10 మిల్లీక్యూరీలు అంటే సెకనుకు 37 కోట్ల విఘటనాలు. ఒక్కోదానికి అవకాశం పది లక్షల్లో ఒకటి కాబట్టి, లోపల ఉన్న పరమాణువులు 37 కోట్లకు పది లక్షల రెట్లు. అంటే 370 లక్షల కోట్లు. వినడానికి ఎంత పెద్ద సంఖ్యో, బరువు మాత్రం గ్రాములో కోటో వంతు కూడా లేదు. (ఈ అయోడిన్-131ను 1938లో గ్లెన్ సీబోర్గ్, జాన్ లివింగుడ్ గుర్తించారు. థైరాయిడ్ దేన్నైతే వెతికి పట్టుకుంటుందో ఆ అయోడిన్‌లోనే ఇంత అనువైన అర్ధాయువు ఉండడం నాకు ఎప్పుడూ అద్భుతంగానే తోస్తుంది. గంటల్లో అయిపోతే మందుగా చాలదు, సంవత్సరాలు ఉంటే వాడడానికి వీలుకాదు.)

అయితే మీరు సీసా కాదు, మనిషి. సీసాలో పెట్టిన అయోడిన్ విఘటనంతో మాత్రమే తగ్గుతుంది. థైరాయిడ్‌లోని అయోడిన్ దాంతో పాటు హార్మోన్ల రూపంలో రక్తంలోకి వెళ్లి, నెమ్మదిగా ఒంట్లోంచి బయటికి కూడా పోతుంది. శరీరం ఇలా బయటికి పంపడానికీ ఒక అర్ధాయువు ఉంటుంది. అది మనిషిని బట్టి మారుతుంది. మీ లెక్కకు దాన్ని 24 రోజులు అనుకుందాం. రెండు దారులూ ఒకేసారి పనిచేస్తున్నాయి కాబట్టి వేగాలను కలపాలి. 1/8 + 1/24 = 4/24 = 1/6. అంటే మీ మెడలోని అయోడిన్ సగం కావడానికి 8 రోజులు కాదు, సుమారు 6 రోజులు చాలు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవారిలో ఇది మామూలుగా 5, 6 రోజుల దగ్గర ఉంటుంది, కాబట్టి ఈ 24 మరీ ఊహ కాదు.

మీరు అడిగిన పట్టిక ఇదీ. మధ్య గడి సీసాలో పెట్టి ఉంచిన 10 మిల్లీక్యూరీల సంగతి. కుడి గడి థైరాయిడ్ పట్టుకున్న 6 మిల్లీక్యూరీల సంగతి, 6 రోజుల లెక్కన.

| రోజు | సీసాలో మిగిలేది (మిల్లీక్యూరీ) | మీ మెడలో మిగిలేది (మిల్లీక్యూరీ) |
|---|---|---|
| 0 | 10 | 6 |
| 8 | 5 | 2.4 |
| 16 | 2.5 | 0.95 |
| 24 | 1.25 | 0.38 |
| 32 | 0.63 | 0.15 |
| 40 | 0.31 | 0.06 |
| 80 | 0.01 | 0.0006 |

మధ్య గడిలో 8 రోజులకోసారి సగం సగం అవుతోంది. 80 రోజులకు పదిసార్లు సగమై వెయ్యో వంతుకు కాస్త తక్కువగా, 1/1024 మిగిలింది. ఏ వరుసలోనూ సున్నా రాలేదు. మీ అత్తయ్యగారి భయంలో ఉన్న నిజం ఇంతే, సున్నా అనే రోజు ఒకటంటూ లేదు. కొన్ని దేశాల విమానాశ్రయాల్లో, సరిహద్దుల్లో ఉండే సున్నితమైన పరికరాలు ఈ చికిత్స తీసుకున్నవారిని వారాల తర్వాత కూడా పసిగడతాయి. ప్రయాణం ఉంటే ఆస్పత్రి నుంచి ఒక ఉత్తరం తీసుకెళ్లమనేది అందుకే. కానీ పరికరానికి తెలియడం వేరు, మనిషికి హాని చేయడం వేరు. 40వ రోజుకు మీలో ఉన్నది మొదటి దాంట్లో వందో వంతు.

అసలు ప్రశ్నకు వద్దాం, మెడలో ఇంత ఉంటే బాబుకు ఎంత సోకుతుంది? ఒంటికి తగిలే రేడియేషన్‌ను మైక్రోసీవర్ట్లలో కొలుస్తారు. దీనికి ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకుంటే చాలు. 1 మిల్లీక్యూరీ అయోడిన్-131 నుంచి ఒక మీటరు దూరంలో గంటకు సుమారు 2.2 మైక్రోసీవర్ట్లు తగులుతాయి. ఈ రోజు, 10వ రోజున, మీ మెడలో సుమారు 1.9 మిల్లీక్యూరీలు ఉన్నాయి. అంటే ఒక మీటరు దూరంలో గంటకు 4 మైక్రోసీవర్ట్లకు కాస్త పైన. దూరం సగమైతే తాకిడి నాలుగింతలు అవుతుంది, మూడో వంతైతే తొమ్మిదింతలు. బాబు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పదకొండింతలు, గంటకు సుమారు 46 మైక్రోసీవర్ట్లు. ఇది కొంచెం ఎక్కువ వైపే ఉన్న లెక్క, మీ మెడ కండరాలు ఆపే గామాను ఇందులో తీసేయలేదు.

ఇప్పుడు ఎత్తుకోవడానికీ పడుకోవడానికీ మధ్య తేడా చూడండి. పది నిమిషాలు ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సుమారు 8 మైక్రోసీవర్ట్లు. భూమ్మీద ఎవరికైనా నేల, గాలి, ఆకాశం, తిండి నుంచి సహజంగా సగటున ఏడాదికి 2,400 మైక్రోసీవర్ట్లు తగులుతాయి, రోజుకు సుమారు 6 లేదా 7. అంటే ఈ రోజు మీ ఒళ్లో పది నిమిషాలంటే ఒక రోజు పైచిలుకు సహజ రేడియేషన్ అంత. అదే 8 గంటలు పక్కలో పడుకుంటే సుమారు 370 మైక్రోసీవర్ట్లు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ (ఐసీఆర్పీ) సామాన్య ప్రజలకు సూచించిన పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్, అంటే 1,000 మైక్రోసీవర్ట్లు. మూడు రాత్రులకే దాదాపు ఆ గీత దగ్గరకు వచ్చేస్తుంది.

ఎత్తుకునేటప్పుడు బాబు తలను మీ మెడ మీద వాల్చుకోనివ్వకండి. 30 సెంటీమీటర్లు 15 అయితే తాకిడి నాలుగింతలవుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకోండి, నడుం మీద ఎత్తుకోండి. మీ మెడ దగ్గరే ఉన్నదంతా ఉంది కాబట్టి అక్కడినుంచి ఎంత దూరమో అదే చూసుకోవాలి.

పడక సంగతిలో ఇంకొక విషయం ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఒక్క రాత్రిది కాదు, అప్పటి నుంచి వచ్చే రాత్రులన్నిటిదీ కలపాలి. ప్రతి రాత్రీ కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది కాబట్టి ఆ మొత్తానికి హద్దు ఉంటుంది. అర్ధాయువు 6 రోజులైతే, ఏ రాత్రి మొదలుపెట్టినా, ఆ తర్వాత ఎప్పటికీ కలిపి తగిలేది ఆ మొదటి రాత్రికి సుమారు తొమ్మిదింతలు. (అర్ధాయువును 1.44తో గుణిస్తే ఈ సంఖ్య వస్తుంది, 6 × 1.44 అంటే దాదాపు 9.)

దీన్ని మీ ఇంట్లోవాళ్ల తేదీలకు వర్తింపజేద్దాం. మీవారు చెప్పిన 16వ రోజు మొదలుపెడితే మొదటి రాత్రి 185 మైక్రోసీవర్ట్లు, మొత్తం కలిపి సుమారు 1,700. దాంతో బాబుకు ఏదో అయిపోతుందని కాదు, గీత దాటుతుంది, అవసరం లేకుండా దాటుతుంది. 21వ రోజు మొదలుపెడితే మొదటి రాత్రి సుమారు 100, మొత్తం కలిపి 900 పైచిలుకు. అంటే 1,000కి కాస్త లోపల. మీ కాగితం మీద 21 అని ఎందుకు ఉందో ఇప్పుడు కనిపిస్తోంది కదా. అది ఎవరో నోటికి వచ్చి రాసిన సంఖ్య కాదు. మీ మోతాదు, మీ థైరాయిడ్ పీల్చుకున్న శాతం పెట్టి లెక్కేస్తే అక్కడికే వస్తోంది. 30వ రోజు అయితే మొత్తం 330 అవుతుంది. 80వ రోజుకు ఆ లెక్క వేయడానికి కూడా ఏమీ మిగలదు.

ఇక మీ ముందున్న దారులు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు పాటించడం ఒకటి. ఈ రోజు నుంచి పగలు బాబుతో మామూలుగా ఉంటారు, కాసేపు ఎత్తుకుంటారు, అన్నం పెడతారు, గంటల తరబడి హత్తుకుని మాత్రం కూర్చోరు. రాత్రి వేరే పడక, ఇంకో 11 రోజులు. దీంట్లో బాబుకు తగిలేది చాలా తక్కువ, మీకు కష్టం రాత్రుళ్లు ఒక్కటే.

రెండోది, ఆ 11 రాత్రులు వాడిని వేరే గదిలో ఉంచలేకపోతే, ఒకే గదిలో పడకల మధ్య దూరం పెట్టడం. రెండు మీటర్ల దూరంలో వాడి మంచం వేస్తే తాకిడి 30 సెంటీమీటర్ల కంటే 44 రెట్లు తగ్గుతుంది. ఈ రాత్రి లెక్కే చూస్తే 370కి బదులు 8 మైక్రోసీవర్ట్లు. ఈ రాత్రి నుంచి మొదలుపెట్టి అన్ని రాత్రులూ కలిపినా 80 దాటదు. వాడు మీ గొంతు వింటూ పడుకుంటాడు. మీ కాగితంలో ఉన్నది పక్కలో పడుకోవద్దనే కాబట్టి దీనికి అడ్డు ఉండకపోవచ్చు, అయినా ఆస్పత్రికి ఒకసారి ఫోన్ చేసి అడగండి. దీంట్లో చిక్కు ఒక్కటే. మూడేళ్ల పిల్లాడు అర్ధరాత్రి లేచి మీ పడకలోకి ఎక్కేయగలడు. తెల్లారే దాకా మీకు తెలియకపోతే ఆ రాత్రి లెక్క మారిపోతుంది. వాడి పక్కన మీవారు పడుకుంటే ఆ భయం ఉండదు.

మూడోది, మీ ఆడపడుచు కొడుకు చెప్పినట్టు 80 రోజులూ దూరంగా ఉండడం. 21వ రోజు మొదలుపెట్టడంతో పోలిస్తే దాంతో బాబుకు తప్పేది 900 మైక్రోసీవర్ట్లు, అదీ రోజూ రాత్రంతా హత్తుకుని పడుకుంటేనే. నాలుగైదు నెలల సహజ రేడియేషన్ అంత. దానికోసం మూడేళ్ల పిల్లాడికి ఇంకో పది వారాలు అమ్మను దూరం చేయాలా అన్నది మీరు తూచుకోవాలి. నా మనసు దానికి ఒప్పుకోదు. 21కి మరో వారం కలిపి 28 రోజులు ఆగాలనిపిస్తే అది వేరే సంగతి, ఆ వారంలో మిగిలే మొత్తం సగం కంటే తక్కువకు దిగుతుంది. మీ మనసు కుదుటపడుతుందంటే ఆ వారం వృథా కాదు.

అలాగని ఆ అబ్బాయి చెప్పిన పది అర్ధాయువుల మాట తప్పని కొట్టేయకండి. అది మీ ఒంటికి కాదు, వస్తువులకు సరిపోతుంది. మొదటి వారం మీరు వాడిన బ్రష్షు, దువ్వెన, తుండుగుడ్డ, తలగడ ఉన్నాయనుకోండి. వాటికి అంటిన అయోడిన్‌ను బయటికి పంపే శరీరం ఏదీ లేదు, అది 8 రోజుల లెక్కనే తగ్గుతుంది. పట్టికలో మధ్య గడి వాటిది. బట్టలు, దుప్పట్లు విడిగా ఉతికితే చాలా వరకు కడుక్కుపోతుంది. ఉతకడానికి వీల్లేనివి బాబు నోట్లో పెట్టుకునేవి అయితే సంచిలో కట్టి, పైన తేదీ రాసి 80 రోజులు పక్కన పెట్టండి. ఆస్పత్రుల్లో తక్కువ అర్ధాయువు ఉన్న వ్యర్థాలను ఇలాగే నిల్వ ఉంచి, తగ్గాక పారేస్తారు. ఆ పది రోజుల్లో బాబు బొమ్మ ఏదైనా మీ మంచం మీద ఉండిపోయి ఉంటే దాన్నీ ఈ సంచిలో వేయండి.

పైన నేను వేసిన లెక్కంతా 24 రోజులు అన్న ఆ ఒక్క అంచనా మీద నిలబడి ఉంది. కొందరిలో థైరాయిడ్ అయోడిన్‌ను చాలా త్వరగా వదిలేస్తుంది. అప్పుడు 6 రోజులు కాస్తా 4 కావచ్చు. మీ నిజమైన సంఖ్య తెలియాలంటే కొలవడమే మార్గం. మీరు చికిత్స తీసుకున్న న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో రేడియేషన్ భద్రత చూసే వ్యక్తి ఉంటారు. వారి దగ్గర సర్వే మీటరు ఉంటుంది. మీరు నిలబడితే మెడకు సరిగ్గా ఒక మీటరు దూరంలో పెట్టి రెండు నిమిషాల్లో చదివేస్తారు. వీలైతే ఇప్పుడొకసారి, ఆరు రోజుల తర్వాత ఇంకొకసారి కొలవమనండి, రెండుసార్లూ ఒకే దూరంలో, ఒకే మీటరుతో. రెండో రీడింగు మొదటి దాంట్లో సగం ఉంటే నా లెక్క మీకు సరిపోయినట్టే. సగం కంటే బాగా తక్కువ ఉంటే మీకు 21 కంటే ముందే వీలుకావచ్చు. సగం కంటే ఎక్కువ ఉంటే 21వ రోజు సరిపోదు, ఇంకొన్నాళ్లు ఆగాలి. రెండింట్లో ఏది జరిగినా తేదీ మార్చేది వారే, ఆ రీడింగు చూసి.

రీడింగు చెప్పినప్పుడు దాన్ని దేనితో పోల్చాలో తెలిసి ఉంటే మంచిది. మీరు లేనప్పుడు కూడా ఆ మీటరు గంటకు సుమారు 0.1 మైక్రోసీవర్ట్ చూపిస్తుంది, అది సహజంగా ఉండేది, దాన్ని తీసేయాలి. మిగిలింది ఒక మీటరు దూరంలో గంటకు 1.2 దగ్గరకు లేదా ఆ లోపలకు వచ్చి, మీ అర్ధాయువు 6 రోజులు దాటకపోతే, నేను పైన వేసిన లెక్క ప్రకారం బాబు ఆ రాత్రి నుంచి మీ పక్కలో పడుకున్నా మొత్తం 1,000 మైక్రోసీవర్ట్ల లోపలే ఉంటుంది.